టెస్ట్ బటన్ నొక్కిన పొద్దు

ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. అలాంటి నేను ఫోన్ ముందు నిలబడి జనానికి పాఠం చెబుతున్నాను. పరాయి దేశంలో ఈ అల్ ఖూజ్ కూలీల క్యాంపులో ఎలక్ట్రీషియన్ని కదా, ఊళ్ళో వాళ్ళకు వాట్సాప్‌లో పంపుదామని ఒక శుక్రవారం పొద్దున మా గదిలోనే చిన్న వీడియో మొదలుపెట్టాను.

"ఎక్కడన్నా కరెంటు లీకైతే బోర్డులో ఉన్న ఈ ఈఎల్‌సీబీ స్విచ్ క్షణంలో సప్లై ఆపేసుద్ది. ఇది పనిచేస్తుందో లేదో నెలకోసారి ఈ టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి. లైట్లన్నీ ఆరిపోవాలి. యల్లా, ఇదిగో నొక్కుతున్నా!"

నొక్కాను. లైటు ఆరలేదు. మళ్ళీ నొక్కాను. వెలుగుతూనే ఉంది.

పక్క బాత్‌రూంలో మా గది పెద్దన్న పాత గీజర్ వేసుకుని స్నానం చేస్తున్నాడు. ఆ గీజర్‌లో కరెంటు లీకైతే ఆపే దిక్కే లేదు. మెయిన్ స్విచ్ దించేసి, వెళ్ళి తలుపు బాదాను.

"అన్నా! అన్నా, పలుకు!"

నీళ్ళ చప్పుడే తప్ప జవాబు లేదు. కరెంటు తీసేశాను సరే, అప్పటికే ఏదైనా జరిగిపోయి ఉంటే? తలుపు విరగ్గొడదామని వెనక్కి జరిగేసరికి గడియ తీసిన చప్పుడైంది. ఒంటినిండా సబ్బు నురుగుతో అన్న బయటికొచ్చాడు. సంగతంతా చెప్పాను.

"ఊరందరికీ నెలనెలా నొక్కుమని చెప్తున్నవ్. రెండేండ్ల సంది ఈ గదిలనే పంటున్నవ్, ఒక్కసారన్న నొక్కినవా రా?" అన్నాడు.