ఫోమ్‌లోంచి పోయిన గ్యాసు

ఎనభైల చివర నందికొండలో చేపల కోల్డ్ స్టోరేజీకి నేను ఇన్‌చార్జిని. అక్కడ నాకు మిగిలిన పేరు 'నిద్రమొఖపోడు'. ఆ పేరు పెట్టించినవాడు నా క్లాస్‌మేటు. నల్లగొండలో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చొని డిప్లొమా చదివాం, ఒకే టిఫిన్‌లో తిన్నాం. అందుకే వాడి మీద కోపం రాలేదు నాకు, పగ పుట్టింది.

ఆ గది కట్టిన కాంట్రాక్టరు దగ్గర వాడు ఇంజనీరు. బయటి వేడి లోపలికి రాకుండా గోడల్లో పెట్టే ఫోమ్ దిమ్మెలను మోయడానికి సులువని పల్చటి షీట్లుగా కోయించాడు. గోడలు లేవడం ఆలస్యమై ఆ షీట్లు ఎండాకాలమంతా రేకుల షెడ్డులో పడి ఉన్నాయి. మా దిక్కు వడ్ల బస్తాలకు చేసినట్టు, మధ్యమధ్య కర్రలు పెట్టి పేర్పించాడు.

"గాలి ఆడాలెరా, లేకుంటే మక్కిపోతయి" అన్నాడు గొప్పగా.

మొదటి ఏడాది గది బాగానే పనిచేసింది. తర్వాతి వేసవికి కంప్రెసర్‌కు ఊపిరి తీసుకునే తీరిక లేకుండా పోయింది. మైనస్ ఇరవై ఉండాల్సిన గది మైనస్ పన్నెండు దాటి దిగనంది. చేప మెత్తబడింది. స్టోరేజీ యజమాని సేటు వాణ్ణి పిలిపించాడు. వాడు గోడ మీద తట్టి చూశాడు, ఒక మూల చీల్చి చూశాడు. ఎక్కడా తడి లేదు, పగులు లేదు.

"వేడిని ఎంత ఆపుతదో ఫోమ్ మీద ఫ్యాక్టరీ లెక్క రాసే ఉన్నది సేట్. గోడ మంచిగనే ఉన్నది. వీడే తలుపు తెరిచిపెట్టి పండుకుంటుండు, గంతే" అన్నాడు, నా మొహం చూడకుండా.

జాలర్లందరూ నిలబడి చూస్తుండగా సేటు నా చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. మర్నాడు రేషన్ దుకాణం దగ్గర మా ఆవిడను 'నిద్రమొఖపోని పెండ్లామా' అని పిలిచారట. ఆమె ఏడవలేదు. అన్నం వడ్డించి, "నువ్వు పండుకున్నవా?" అని అడిగింది. అడిగిందే! కంచం పక్కకు జరిపి లేచాను.

హైదరాబాదు పోయి, ఫోమ్ తయారు చేసే ఫ్యాక్టరీ వాళ్లనే అడిగాను. వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు. ఫోమ్‌ను పొంగించే గ్యాసు దాని సన్నని అరల్లోనే ఉండిపోతుంది. గాలి కంటే అది వేడిని తక్కువ మోస్తుంది కాబట్టే ఫోమ్‌కు అంత బలం. రోజులు గడిచేకొద్దీ గాలి లోపలికి దూరుతుంది, గ్యాసు మెల్లమెల్లగా బయటికి పోతుంది. పైన రేకు లేని పల్చటి షీటులో, అదీ ఎండవేడికి, ఈ పని త్వరగా జరిగిపోతుంది. ఫోమ్ మీద రాసిన లెక్క కొత్త ఫోమ్‌ది. అబద్ధం కాదు గానీ, గది కట్టేవాడు లెక్క వేయాల్సింది పాతబడ్డ ఫోమ్‌తో.

అంటే వాడు గాలి ఆడించి మరీ ఫోమ్‌ను ముసలిదాన్ని చేశాడు. నింద నా నెత్తిన రుద్దాడు.

సేటు రెండో గది కట్టించాలనుకున్నాడని, ఆ పని కోసం వాడు అదే ఫ్యాక్టరీ కొత్త ఫోమ్ నమూనా తెచ్చాడని తెలిసింది. పోయి సేటు ముందు నిలబడ్డాను.

"ఒక్క పూట ఇయ్యుండ్రి సేట్. నాది తప్పైతే మళ్ల మీ గడప తొక్క."

గోడలో వాడు చీల్చిన మూలనుంచి తీసిన షీట్లతో ఒక పెట్టె, వాడి కొత్త నమూనాతో అంతే మందాన ఇంకో పెట్టె చేశాను. తూకం వేసి రెండింట్లో సమానంగా ఐసు పెట్టాను. అడుగున సన్న బెజ్జం, దాని కింద గ్లాసు. వరండా నీడలో బల్ల మీద పెట్టి, వాణ్ణి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. జాలర్లను నేనే పిలుచుకొచ్చాను. నాకు తాళాలు పోయిన రోజు ఉన్నవాళ్లే కావాలి, ఒక్కడు కూడా తగ్గకూడదు.

చుక్కలు పడుతున్నాయి. పాత ఫోమ్ కింది గ్లాసు నిండి పొర్లింది. కొత్తదాని కింది గ్లాసు ఇంకా వెలితిగానే ఉంది. వాడి మెడ మీద చెమట కారుతుంటే నాకు పండుగలా ఉంది, దాచను.

"రెండింటి మీద లెక్క ఒకటే గదా ఇంజనీర్ సాబ్, గిదేంది?" అన్నాడు సేటు.

సేటు తాళాల గుత్తి నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

"తాళాలు తర్వాత సేట్. ముందు వీడు చెప్పాలె, నేను పండుకోలేదని."

వాడు నేల చూస్తూ గొణిగాడు. "వాడు పండుకోలే. తప్పు నాదే."

"ఇనబడలే" అన్నాను.

ఇంకాస్త గట్టిగా అన్నాడు.

"ఇనబడలేరా."

లేచి నిలబడి, గొంతు పగిలేలా అరిచాడు. చివరన ఉన్న జాలరి కూడా తల ఊపాడు. అప్పుడే తాళాలు అందుకున్నాను.

వాడు గొణిగిన మాట నాకు మొదటిసారే వినబడింది.