ఊకొట్టిన పాపానికి

“మిషన్‌కు మాటలు నేర్పుతున్నవు సరే, అది నీకు పైసలిస్తదా?”

జములమ్మ కోడలిని ఈ మాట అడిగి ఏడాది దాటింది. అడిగినప్పుడు అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల కూడా ఎత్తలేదు. గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లది. కొడుకు గోవిందు కింద చీర నేస్తాడు, కోడలు నీలవేణి మేడ మీద లాప్‌టాప్ ముందు కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటుంది. చీరైతే కళ్లకు కనబడుతుంది. కోడలు రోజంతా చేసి దించేది ఏమిటో జములమ్మకు అంతు చిక్కలేదు. నిజానికి నీలవేణి చదివిన తెలుగు ఎం.ఏ. కూడా పైసల సంగతిని అంత సూటిగా అడగడం ఆమెకు నేర్పలేదు.

అంతకుముందు ఆమె వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేది. మాతృభాషా దినోత్సవం నాడు శాలువా కప్పేవారు, జీతం మాత్రం మూడు నెలలకోసారి ఇచ్చేవారు. శాలువాలు ఐదయ్యాక మానేసింది. ఆ తర్వాత దొరికిందే ఈ పని. వరికోత మిషన్లు, ట్రాక్టర్లు అద్దెకిచ్చే ఒక హైదరాబాద్ కంపెనీ, రైతులతో ఫోనులో మాట్లాడే కంప్యూటర్ గొంతును తయారుచేయించింది. ఆ గొంతు పలకవలసిన ఆరువందల నలభై వాక్యాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తేవాలి. ఇంగ్లీషు పదానికి రెండు రూపాయలు.

ఎక్సెల్ షీటులో ఒక వరుస ఇంగ్లీషు, పక్క వరుస ఖాళీ. ఎవరితో, ఎప్పుడు, దేనికి అంటున్న మాటో ఎక్కడా రాసి ఉండదు. పేరు, తేదీ ఉండాల్సిన చోట బ్రాకెట్లు. అక్కడ ఏ పేరు వచ్చి కూర్చున్నా వాక్యం విరగకూడదు. పైగా ఇది చదివే తెలుగు కాదు, వినే తెలుగు. కాగితం మీదైతే అర్థం కానివాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. ఫోనులో వెనక్కి వెళ్లే దారి లేదు.

అందుకని నీలవేణి ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి మాటా కాగితం మీద రాసుకుని, మెట్లమీద నిలబడి, కింద మగ్గం ఆడుతుండగా ఒకే ఊపిరిలో అనేది. జములమ్మకు ఒక్కసారికే అర్థమైతే అది షీటులోకి ఎక్కేది. ఆమె “ఏందే?” అంటే మళ్లీ రాసేది. “సరిగ్గా వినబడలేదు. మళ్లీ చెప్పండి” మొదటిసారికే గట్టెక్కింది. “ఏదో తప్పు జరిగింది” అన్నదానికి మాత్రం జములమ్మ రాట్నం ఆపేసింది.

“తప్పా? ఎవరు చేసిండ్రే?”

తప్పు అన్న మాట చెవిన పడితే ఇక్కడ మనిషి ముందు తన చేతులు చూసుకుంటాడు. దాన్ని కొట్టేసి “ఇప్పుడు కుదరలేదు. కాసేపాగి మళ్లీ అడగండి” అని రాసింది. ‘దయచేసి’ని అరవై చోట్ల తీసేసింది. ‘చెప్పండి’లో ఉన్న ‘అండి’ ఆ పని ఎలాగూ చేస్తోంది. ప్రతి మాటకూ దయచేసి తగిలిస్తే రైల్వే స్టేషన్‌లో నిలబడ్డట్టుంటుంది తప్ప మర్యాద చేసినట్టుండదు. రైతు జవాబుగా అనగల మాటల పట్టిక కూడా అడిగారు. ‘అవును’ పక్కన ‘ఆఁ’ చేర్చింది. మనవాళ్లు అవును అనరు, ఆఁ అంటారు. ఆ ఒక్క అక్షరం చేర్చినందుకు ఆ రోజు తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా.

షీటు హైదరాబాద్ చేరింది. అక్కడ దాన్ని సరిచూసే పెద్దమనిషి పేరు డాక్టర్ శివశంకర్. భాషను కాపాడేవారి జాతి. భాషకు వచ్చిన ఆపద ఏమిటని అడిగితే గంట మాట్లాడతారు. ఆయన నీలవేణి పంపిన మాటల్లో మర్యాద లేదన్నారు. “సరిగ్గా వినబడలేదు. మళ్లీ చెప్పండి” ఆయన చేతిలో ఇలా తేలింది: “క్షమించవలెను. మీరు పలికిన విషయమును గ్రహించుటలో మాకు అంతరాయము కలిగినది. దయచేసి పునఃప్రయత్నము చేయగలరు.” పొట్టి మాట పొగరుగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడగడానికి ఎంతసేపు పడుతుందో నీలవేణి ఊహించుకుని చూసింది. దాహంతో పోయేవాళ్లు పోయి ఉంటారనుకుంది.

కంపెనీలో ఈ పని నడిపే వర్షకు ఫోన్ చేసింది. వర్ష ముప్పై దాటని పిల్ల, మాటకు ముందు చిరునవ్వు వినిపిస్తుంది.

“మేడమ్, ఇవి ఎవరికీ నోరు తిరగవు. వినేవాళ్లకు తలా తోకా తెలియదు.”

“అయ్యో నీలవేణి గారూ, సార్‌కి నలభై ఏళ్ల ఎక్స్‌పీరియన్స్. రెస్పెక్ట్‌ఫుల్‌గా ఉండాలని క్లయింట్ అడిగారు కదా. కొంచెం అడ్జస్ట్ అవ్వండి.”

అడ్జస్ట్ అయింది. యాసంగి కోతలు మొదలయ్యాయి, గొంతు ఊళ్లలోకి వచ్చింది. నాలుగో రోజు వర్ష మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి చిరునవ్వు లేదు. గోపాల్‌పేట చుట్టుపక్కల పదకొండు మంది రైతులు మిషన్ బుక్ చేసుకుని, ముందురోజు సాయంత్రం గొంతు ఫోన్ చేసినప్పుడు వాళ్లే రద్దు చేసుకున్నారట. తెల్లారి వరి ముందు నిలబడి మిషన్ ఏదని లొల్లి పెట్టారట.

“రికార్డులో అందరూ యెస్ అన్నట్టే ఉంది. ట్రాన్స్‌లేషన్ ఎర్రర్ అంటున్నారు సార్. అసలు షీట్ మీదే కదా. సోమవారంలోగా ఎక్స్‌ప్లనేషన్ ఇవ్వకపోతే వెండర్ లిస్ట్ నుంచి తీసేస్తారు, బిల్ కూడా హోల్డ్‌లో పెడతారు.”

అంటే మాటలు ఆయనవి, తప్పు ఆమెది. నీలవేణికి ఉన్నది ఈ ఒక్క పనే. శాలువాల కాలేజీకి తిరిగి పోవడం ఆమె వల్ల కాదు. ఈ పాపం తన షీటుది కాదని చూపించాలి, చేతిలో మూడు రోజులున్నాయి. పొద్దున్నే గద్వాలలో బస్సెక్కి, పెబ్బేరు మీదుగా వనపర్తిలో దిగి, ఇంకో బస్సులో గోపాల్‌పేట చేరింది.

ఆ పదకొండు మందిలో ఒకడైన మల్లయ్యకు రెండెకరాల వరి. అడగ్గానే మండిపడ్డాడు.

“నేనేడ వద్దన్ననమ్మా? గంత చక్కగ నమస్కారం పెట్టి మాట్లాడింది గా ఆడిమనిషి. మిషన్ వస్తదనే అనుకున్న. తెల్లారి సూస్తే మా పక్క పాలోని చేన్ల కోస్తుండ్రు! వానొస్తే నా గతేంది?”

నీలవేణి వర్షతో చెప్పి ఆ గొంతు చేత మల్లయ్యకు మళ్లీ ఫోన్ చేయించింది. స్పీకరు పెట్టి పక్కన కూర్చుంది.

“గౌరవనీయులైన మల్లయ్య గారికి నమస్కారములు...” అంది గొంతు. అని, కామా దగ్గర ఊపిరి పీల్చుకున్నట్టు ఆగింది.

“ఆఁ” అన్నాడు మల్లయ్య.

గొంతు అక్కడికక్కడే ఆగిపోయింది. మరుక్షణం, “మీ సమ్మతి స్వీకరించబడినది. ధన్యవాదములు” అని పెట్టేసింది.

“సూసినవా? ధన్యవాదాలు గూడ చెప్పింది” అన్నాడు మల్లయ్య తృప్తిగా.

శివశంకర్ గారు దిద్దిన షీటును నీలవేణి తన ఫోనులో తెరిచింది. రేపటి మిషన్ వద్దనుకునేవాళ్ల కోసం ఆ మర్యాదల చివర రావలసిన ప్రశ్న ‘ఇట్టి నమోదును రద్దుపరచుటకు సమ్మతించుచున్నారా’ అన్నది. ఆ ప్రశ్న దాకా ఎవరూ చేరలేదు. గొంతు మాట్లాడుతున్నప్పుడు కూడా మైకు తెరిచే ఉంటుంది. తొందరపడేవాళ్లు మధ్యలోనే జవాబు చెప్పవచ్చని కంపెనీ పెట్టిన సౌకర్యమది. అవతల మాట వినబడితే గొంతు నోరు మూసుకుని, దాన్నే జవాబుగా తీసుకుంటుంది.

“ప్రశ్న అడగకముందే ఆఁ ఎందుకన్నవ్ పెద్దయ్యా?”

మల్లయ్య ఆమెను వింతగా చూశాడు. “గట్లంటవేందమ్మా! ఒక మనిషి మర్యాదగ మాట్లాడుతుంటే ఊకొట్టకుంట ఎట్లుంట? వింటలేడనుకోదా? మా ఇంటిది ఊకొట్టకపోతే బువ్వ గూడ పెట్టదు.”

మొత్తం రహస్యం ఇంతే. ఈ నేల మీద వినడమంటే ఊకొట్టడం. ఎదుటివాడు ఎంత పొడుగు మాట్లాడితే అన్ని ఆఁలు పడతాయి. శివశంకర్ గారు గౌరవం పేరిట ఎన్ని కామాలు పేర్చారో అన్ని సందులు దొరికాయి రైతులకు. అలా అనుకుని నవ్వబోయి ఆగిపోయింది. పట్టికలోకి ‘ఆఁ’ ఎక్కించింది ఎవరు? తనే. తన పొట్టి వాక్యమే అక్కడ ఉన్నా మల్లయ్య పేరు విన్నవెంటనే ఆఁ అనేవాడు. కాకపోతే పదకొండు మంది బదులు ఏ ముగ్గురో మునిగేవారు. పల్లె భాష తెలిసినదాన్నని మురిసిన ఎం.ఏ.కి, ఇంట్లో అత్త రోజుకు రెండువందల ఆఁలు ఊరికే అంటుందన్నది ఒక్కసారీ చెవికెక్కలేదు.

రాత్రి దాకా కూడా ఆగలేదు, తిరుగు బస్సులోనే ఆ ప్రశ్నను తిరగరాసింది. సోమవారం దాకా ఆగకుండా వర్షకు ఫోన్ చేసింది.

“మేడమ్, జరిగింది మొదటి నుంచి చెప్తాను. పొద్దున బస్సెక్కానా...”

“ఊఁ.”

“వనపర్తిలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నా...”

“ఊఁ ఊఁ.”

“మల్లయ్య అని ఒక రైతు ఉన్నాడు...”

“ఆఁ, చెప్పండి.”

“చెప్పడానికేం లేదు మేడమ్. మీరు ఇప్పటికి నాలుగుసార్లు ఒప్పుకున్నారు. మీ పేరు మీద నాలుగు మిషన్లు రద్దు.”

అటు నుంచి వచ్చిన ‘ఊ’ సగంలోనే తెగింది. ఊకొట్టడానికి కూడా భయపడినట్టుంది. తర్వాత నిజంగానే నవ్వింది వర్ష.

నీలవేణి మూడు సంగతులు అడిగింది. రద్దు ప్రశ్నకు ‘ఆఁ’ను జవాబుగా తీసుకోకూడదు, అది తను చేసిన పొరపాటే అని కూడా చెప్పింది. అవునా కాదా అని అడగకుండా రైతు చేత పని మాటే అనిపించాలి. ఏమీ అనకపోతే మిషన్ వెళ్లాలి. కొత్త మాట ఇది: “మల్లయ్య గారూ, రేపు కోత మిషన్ వస్తుంది. రావాలంటే ‘రావాలి’ అనండి. వద్దంటే ‘వద్దు’ అనండి.” మెట్ల మీద నిలబడి జములమ్మకు వినిపించింది. ఆమె మధ్యలో రెండుసార్లు ఆఁ అంది, చివర “రావాలె” అంది. నీలవేణి పట్టికలో ‘రావాలె’ కూడా చేర్చింది.

శివశంకర్ గారు ఒప్పుకోలేదు. ఊకొట్టడం అనాగరికమనీ, ప్రజలకు మౌనంగా వినడం నేర్పాలనీ రెండు పేజీలు రాశారు. ఇంజినీర్లు ఆ రెండు పేజీలు తెరవలేదు. వాళ్లకు తెలుగు రాదు, అందుకే పని త్వరగా అయింది. వారంలో నీలవేణి మాటలన్నీ మళ్లీ గొంతులోకి వచ్చాయి. తర్వాతి పది రోజుల్లో రద్దు చేసుకున్నది ఇద్దరే, ఆ ఇద్దరూ నిజంగానే వద్దన్నవాళ్లు. మల్లయ్య వరి కోత వాన కంటే ఒకరోజు ముందు అయిపోయింది.

వెండర్ లిస్టులో నీలవేణి పేరు ఉంది. కంపెనీ పంపిన సంబరాల మెయిల్‌లో ‘భాషా మార్గదర్శకులు’ అని శివశంకర్ గారి ఫోటో వేశారు, శాలువాతో. బిల్లు సంగతి అడిగితే వర్ష, మొదటి షీటు తిరగరాయవలసి వచ్చింది కాబట్టి అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారని చెప్పింది. నీలవేణి ఊకొట్టలేదు.

తొమ్మిదివేల మూడువందల ఇంగ్లీషు పదాలకు పద్దెనిమిదివేల ఆరువందల రూపాయలు ఆమెకు ఇంకా రావలసి ఉంది.