చెంప గీత

ములకలపల్లిలో మా కిటికీ పక్కన కూర్చుని, ఆన్‌లైన్ కళ్ళజోళ్ళ దుకాణానికి మొహం మీద జోడు ఎలా కనిపించాలో రాసేదాన్ని. నా రాతను బట్టి కంప్యూటర్ బొమ్మ తయారుచేసేది. ఫ్రేము గుండ్రమా నలుచదరమా, మూలల్లో వంపెంత, అద్దం మీద పచ్చటి మెరుపు ఎక్కడ పడాలి, అన్నీ రాయాలి.

మైనస్ పవరుంటే అద్దంలోంచి కళ్ళు చిన్నవిగా, చెంప గీత, అంటే మొహం అంచు, లోపలికి జరిగినట్టుగా కనిపిస్తాయి. అది రాయొద్దన్నాడు మా సూపర్‌వైజర్. అబద్ధం రాయనన్నాను.

"సరే చెల్లె, నీ ఫొటోనే పంపు. ఎట్లుంటదో చూస్త" అన్నాడు. నా మైనస్ ఎనిమిది జోడు పెట్టుకుని తీసి పంపాను.

నెల తిరక్కుండా దుకాణం పేజీలో నా మొహం కనిపించింది. అదే నల్ల ఫ్రేము. అద్దాల్లో మా కిటికీ ఊచలు ఐదూ ఉన్నాయి. చెంప గీత మాత్రం తిన్నగా ఉంది, కళ్ళు ఇంతింత పెద్దవయ్యాయి. కింద "ఎంత పవరున్నా తేడా కనిపించదు" అని రాసి ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "గిట్లెందుకు చేసినవన్నా?"

"మంచిగనే ఉన్నవ్ కద చెల్లె, ఇంకేంది?"

నేను రాయనన్న అబద్ధాన్ని నా మొహం మీదే గీయించి, ఇంకా చెల్లె అంటున్నాడు.