మొదటి మేతకి ముందా, తర్వాతా?

బంటుమిల్లి రొయ్యల ల్యాబులో ఇఫ్రాకి మొదటి వారమంతా సీసాలు కడగడంతోనే సరిపోయింది. కూల్‌డ్రింకు సీసాలు, నూనె సీసాలు, ఒకసారి దగ్గుమందు సీసా కూడా. చెరువు నీళ్లు పరీక్ష చేయించుకోడానికి రైతులు చేతికేది దొరికితే దాంట్లో పట్టుకొచ్చేవాళ్లు. బందరులో మైక్రోబయాలజీ డిగ్రీ చదివిన పిల్ల. మేత కంపెనీ నడిపే ఆ ల్యాబులో ఆమెది అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత ఉద్యోగం ఇస్తామని ఎవరూ అనలేదు. ఇవ్వకపోతే మేనమామ జిరాక్సు షాపులో కూర్చోవాలి. అది గుర్తొచ్చినప్పుడల్లా సీసా ఇంకాస్త గట్టిగా తోమేది.

రెండో వారం హనుమయ్య అనే రైతు వచ్చి రిపోర్టు బల్లమీద పడేశాడు.

"ఏంటమ్మా మీ మిషను? అదే చెరువు. పోయినవారం పీహెచ్ ఏడు పాయింట్ ఎనిమిదన్నారు, ఇవాళ ఎనిమిదిన్నరంటారు. మళ్లీ చూడండి!"

మళ్లీ చూసింది. ఎనిమిదిన్నరే. ఇలాంటి 'మళ్లీ'లు రోజుకి పదైనా ఉండేవి. వాటితోనే సగం పొద్దు పోయేది.

మిషను తప్పు కాదని ఇఫ్రాకి తెలిసిపోయింది. ఎండకి నీళ్లలో పాచి పనిచేసేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. తెల్లారుజామున తీసిన నీళ్లకీ మధ్యాహ్నం తీసిన నీళ్లకీ పోలికే లేదు. అందుకని సీసా మీద నీళ్లు తీసిన టైము రాయమని చీటీలు అంటించింది. వారం తిరిగేసరికి చీటీలన్నీ ఒకటే పాట: ఉదయం ఆరు. మధ్యాహ్నం రెండింటికి వెచ్చగా వచ్చిన సీసా మీద కూడా ఆరే.

ల్యాబు మేనేజరు కృపానందం గారు ఇరవయ్యేళ్లు చెరువు గట్ల మీద తిరిగిన మనిషి. పొగడ్త ఆయన నోట రావడం కష్టం. ఇఫ్రా ధైర్యం చేసి ఆయన ముందు నిలబడింది.

"సార్, నా పనిలో ఒక్క లోపం చెప్పండి."

"ఒక్కటి చాలా?" అని నవ్వారాయన. "గంట అడిగితే రైతు నీకు నచ్చే గంట చెప్తాడమ్మా. అతని పని గురించి అడుగు."

ఆ రాత్రి బస్సులో ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. మర్నాటి నుంచి ఒకటే ప్రశ్న: "మొదటి మేతకి ముందు తీశారా, తర్వాతా?" రొయ్యకి పొద్దున్నే మొదటి మేత ఎప్పుడేశాడో ఏ రైతూ తడుముకోడు, దాయడు. జవాబు చీటీ మీద ఎక్కేది. వచ్చేసారి కూడా అప్పుడే తీయండి, సీసా నిండా పట్టి మూత బిగించండి, ఎండలో పెట్టకండి అని చెప్పి పంపేది.

పదిహేను రోజులకోసారి కృపానందం గారి దగ్గరికి వెళ్లి మళ్లీ ఒక లోపం అడిగేది. "రిపోర్టు కరెక్టేగానీ రైతుకి అర్థం కావట్లే" అన్నారోసారి. పక్కనే పోయినసారి అంకె వేసి, అడుగున తెలుగులో ఒక ముక్క రాయడం మొదలుపెట్టింది. సంక్రాంతి దాటేసరికి 'మళ్లీ'లు రోజుకి రెండో మూడో.

"ఇక ఉద్యోగం అడిగెయ్ బేటీ" అంది అమ్మీ ఫరహత్.

"ఆఖరి రోజు స్వీట్లు పట్టుకెళ్లి అడుగుతా."

ఈ మాట విని ల్యాబులో సీనియరు శాలిని తల పట్టుకుంది. "ఆఖరి రోజా! వచ్చే సీజనుకి ఎంతమంది కావాలో ఫిబ్రవరి పదికల్లా విజయవాడ హెడ్డాఫీసుకి లిస్టు వెళ్లిపోద్ది. ఆ తర్వాత సారు ఇద్దామన్నా పోస్టుండదే పిచ్చిమొహమా."

అప్పటికి జనవరి ఇరవై ఆరు దాటింది. సోమ, మంగళవారాలు సీసాల క్యూ గేటు దాటుతుంది. ఇఫ్రా గురువారం మధ్యాహ్నం చూసుకుని ముందురోజే అడిగింది. "సార్, మార్చి తర్వాత నా సంగతి మాట్లాడాలి. రేపు అరగంట ఇస్తారా?"

ఒకే ఒక్క కాగితం పట్టుకెళ్లింది. అక్టోబరులో రోజుకి ఎన్ని మళ్లీ పరీక్షలు, ఇప్పుడెన్ని, ఆయన చెప్పిన ఏ లోపం ఎలా దిద్దుకుంది.

"నాకిక్కడే పూర్తి ఉద్యోగం కావాలి సార్. లిస్టులో నా పేరు రాస్తారా?"

కృపానందం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవ్వడం నా చేతిలో లేదు. రాయడం ఉంది. కానీ ప్లేట్ల మీద మొలిచే బ్యాక్టీరియా చుక్కలు ఒక్కదానివే ఎప్పుడూ లెక్కపెట్టలేదు కదా. వారం రోజులు నువ్వే లెక్కపెట్టు, నేనూ లెక్కేస్తా. నా లెక్కకి దగ్గరుంటే రాస్తా."

వారం రోజులూ లెక్కపెట్టింది. ఎనిమిదో తారీఖున ఆయన లిస్టులో ఇఫ్రా పేరు రాశారు. "నీ లెక్క నాకంటే నయంగా ఉంది" అని గొణిగారు. గోడలక్కూడా వినపడనంత మెల్లిగా. శాలినికి మాత్రం వినపడింది.

మార్చి మొదటి సోమవారం. క్యూ గేటు దాటింది. ఇఫ్రా ఫోను టింగుమంది. చూసింది, మళ్లీ చూసింది. హెడ్డాఫీసు లెటరు: జూనియర్ ల్యాబ్ అనలిస్టు, ఏప్రిల్ ఒకటి నుంచి. చేతిలో సీసా వదిలేసేదే, శాలిని పట్టుకుంది.

"ఏమైందమ్మాయ్?" క్యూ మధ్య నుంచి హనుమయ్య కేకేశాడు.

"ఉద్యోగం వచ్చిందండీ!"

హనుమయ్య తన సీసా ఎత్తి పట్టుకుని తీరిగ్గా అడిగాడు. "సరేగానీ, ఆ లెటరు మొదటి మేతకి ముందొచ్చిందా, తర్వాతా?"

క్యూ అంతా గొల్లుమంది. లోపల కృపానందం గారు కూడా.