ఆకుకెంత, కృష్ణమ్మా?

పోలీసు చర్య జరిగి ఎనిమిది నెలలైంది. దేవరకొండలో మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. కిరాణా వ్యాపారి వీరేశం కూతురి పెళ్లికి వంట ఒప్పుకోవడానికి కృష్ణమ్మ అతని అరుగు మీద కూర్చుంది.

ఆమెది జంగాల ఇల్లు. లింగాయతుల పెళ్లి వంటలన్నీ ఆమె పెనిమిటే చేసేవాడు. సరుకు పెళ్లివారిది, కూలి ఆయనది. ఆయన పోయాక సంసారం మీద పడితే, కూలితో కుదరదని ఆమె సరుకుతో సహా, విస్తరాకుకు ఇంత అని గుత్త పట్టడం మొదలుపెట్టింది. ఇది రెండో గుత్త. మొదటిదాంట్లో నష్టపోయి ఒక రాగి గంగాళం అమ్ముకుంది. ఇంకా రెండు మిగిలాయి. అవి కూడా పోతే ఇక ఎవరూ వంటకు పిలవరు.

"ఆకుకెంత, కృష్ణమ్మా?" అన్నాడు వీరేశం.

"ఎందరు సావుకారి?"

"నాలుగొందలు."

"పన్నెండణాలు."

అతడు సరేనన్నాడు. వారం తిరక్కుండానే కబురు పంపాడు. కేతేపల్లి మగపెళ్లివారి దారిలో మిలిటరీ క్యాంపులున్నాయి, సగం మంది రారు, నూటయాభైకే చేయమన్నాడు. పన్నెండణాల లెక్కే.

కృష్ణమ్మ మళ్లీ వచ్చింది.

"నూటయాభై అయితే ఆకుకు రూపాయి అణా పడ్తది."

"గిదేం లెక్కనే? మంది తగ్గితే ధర పెరుగుతదా? నేను దుకాణంల గిట్ల అమ్మితే రాళ్లేస్తరు."

"నీ దుకాణంల ఉప్పు ఎవ్వరు కొన్నా కొనకున్నా కరగదు సావుకారి. నా పొయ్యి గట్ల గాదు. కట్టెలు, పాత్రల కిరాయి, నలుగురు ఆడోళ్ల కూలి. నాలుగొందలకైనా నూటయాభైకైనా డెబ్బయ్యైదు రూపాయలు అయితది. నాలుగొందల ఆకుల మీద పంచితే మూడణాలు. నూటయాభై మీద పంచితే ఎనిమిది."

వీరేశం మనసులో లెక్క వేసుకున్నాడు. తప్పు దొరకలేదు. అదే అతనికి నచ్చలేదు.

"రేపు మల్ల మంది పెరిగితే?"

"గందుకే రెండు ధరలు చెప్త. పొయ్యికి డెబ్బయ్యైదు, ఎందరొచ్చినా. దాని మీద ఆకుకు తొమ్మిదణాలు. పెండ్లికి మూడొద్దుల ముందు ఒక్క లెక్క చెప్పు. దానికి తగ్గినా ఇయ్యాలె, పెరుగు, కూరగాయలు చెప్పి పెడ్త గదా. పెరిగితే ఆకు ఆకుకు కట్టియ్యి."

"బూరెలు తీసి లడ్లు పెట్టు, మగపెళ్లోళ్లు అడుగుతున్నరు."

"చక్కెర చీటీ మీద దొరుకుతది. నువ్వు తెచ్చిస్తే ఇదే ధర. నేను బయట కొంటే ఆకుకు రెండణాలెక్కువ."

"మీ ఆయన గింత మాట్లాడకపోతుండె."

"ఆయన సరుకు కొనలేదు సావుకారి."

ఆ రెండు ధరలకే వీరేశం ఒప్పుకున్నాడు. పెళ్లినాటికి చక్కెర చీటీ రాలేదు. బూరెలే పెట్టారు. నూటయాభై చెప్పిన చోట మగపెళ్లివారు నలభై మంది ఎక్కువే దిగారు. కృష్ణమ్మ వందేసి మోదుగ విస్తర్ల కట్టలు రెండు తెచ్చింది. బంతి లేచినప్పుడల్లా మిగిలినవి లెక్కబెట్టింది. నూట తొంభై ఆకులు పోయాయి. గంగాళంలో అన్నం మిగిలింది.

అప్పుడు పెరటి గుమ్మం దగ్గర చాకలి బిక్షమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. వెనక ముప్పై మంది దాకా ఉన్నారు. మంగలి, డప్పువాళ్లు, బండ్లు తోలినవాళ్లు. ఎవరి గిన్నె వారి చేతిలో ఉంది.

కృష్ణమ్మ గంగాళంలోకి చూసింది, ఆ మిగిలిన అన్నం ఇందరికి చాలదు. ప్రతి పెళ్లిలో చూసిన మనుషులే. కానీ పెనిమిటి కూలికి వండినన్నాళ్లూ ఆ గిన్నెలు పెళ్లివారి లెక్కలోవి. ఇప్పుడు ఈ అన్నం ఆమెది. ఆకులు లెక్కబెట్టి మురిసింది కానీ, ఆకు ముందు కూర్చోని వాళ్లను మరిచింది. మళ్లీ ఎసరు పెట్టాలి.

వీరేశాన్ని పక్కకు పిలిచింది. "గిన్నెలు ముప్పైయున్నయి. గిన్నెకొక ఆకు లెక్క కట్టు."

"ఆకు మీద తిన్నరా వాళ్లు? ఒప్పుకున్నది ఆకుకు."

"గిన్నెల ఇద్దరి అన్నం పడ్తది. నేను ఒక్క ఆకే అడుగుతున్న."

"అయితే పంపియ్యి. పొద్దుగాల రమ్మను."

"పంపుడైతే నీ నోటితోని పంపు. వండింది నేను, పెండ్లి నీది."

వీరేశం గుమ్మం వైపు చూశాడు. బిక్షమ్మ అతని చూపు పట్టేసింది.

"ఏంది సావుకారి, బిడ్డ బట్టలుతికిన చెయ్యి గుర్తుపడ్తలేవా?" అంది, వసారాలో మగపెళ్లివారికి వినబడేలా.

ఎవరో నవ్వారు. వీరేశం గొంతు తగ్గించాడు. "పదిహేను కట్టిస్త."

"ముప్పై గిన్నెలకు ముప్పై."

"ఇరవై. పైన ఒక్కటి లేదు."

కృష్ణమ్మ గిన్నెల వంక చూసింది. ఎసరుకు ఇంకా నీళ్లు కాగాలి, బేరానికి సమయం లేదు. ఒప్పుకుంది. పది గిన్నెల అన్నం ఆమె మీద పడింది. అయినా గంగాళాలు రెండూ ఇల్లు చేరాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆమె గుత్తలు పట్టింది. ఎవరైనా ఆకుకెంత అని అడిగితే వెంటనే ధర చెప్పేది కాదు. ముందు, మీకు పని చేసేవాళ్లెందరు, ఎన్ని గిన్నెలొస్తాయి అని అడిగేది. కొందరు చెప్పకుండా లేచి వెళ్లేవారు. వాళ్ల పెళ్లికి ఆమె పోయేది కాదు.