ఊ మేడం మెచ్చిన వాక్యం

ఆ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు ఊ మేడం. ఎవరు ఏ సందేహం రాసి పంపినా ఆవిడ ఫోన్ నుంచి వచ్చే జవాబు అదొక్కటే, "ఊ" అని. అది ఔనో కాదో, అసలు చదివిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆవిడ నొచ్చుకోలేదు. ఇన్నేళ్ళకి ఈ పిల్లలు ఒక్క మాటైనా తప్పు లేకుండా నేర్చుకున్నారని స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అంది.

ఆవిడ లెక్క ప్రకారం ఆ కాలేజీలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలకి ఎలాగూ రాదు. పక్క కుర్చీలో కూర్చునే లెక్చరర్లకి వచ్చినట్టు నటించడం వచ్చు. ఇక డిపార్ట్‌మెంట్ హెడ్ సంగతి తలుచుకుంటేనే ఆవిడ మూతి ముప్పై వంకరలు తిరిగేది. ఆయన పూల సారు. పొద్దున లేస్తూనే కాలేజీ గ్రూపులో గులాబీ పువ్వు పెడతాడు. సెలవు చీటీ మంజూరు చేసినా పువ్వే, సెలవు లేదన్నా పువ్వే. ఎప్పుడో తన చదువప్పుడు కొన్న ఒక వ్యాకరణం గైడు ఉంది ఆయనకి. అందులో ఉన్నది ఇంగ్లీషు, లేనిది తప్పు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, కాకపోతే నవ్వుతూ అంటాడు. నవ్వుతూ అన్నందుకు జనం నమ్ముతారు. అదే ఊ మేడంకి ఒళ్ళు మండే సంగతి.

ఆవిడ పేపర్లు దిద్దే తీరు వేరు. ఎర్ర పెన్ను తప్పు దగ్గర మాత్రమే ఆగుతుంది. బాగున్న చోట టిక్కు ఉండదు, "గుడ్" ఉండదు, ఏమీ ఉండదు. గీత పడలేదంటే బతికిపోయావని అర్థం. "సరిగ్గా రాయడం వాళ్ళ పని. దానికి నేను హారతి పట్టాలా?" అనేది. పిల్లలు పేపరు చేతికి రాగానే ఎర్ర గీతలు లెక్కపెట్టుకుని, గీత లేని వాక్యాల వంక చూడను కూడా చూడకుండా మడిచి సంచిలో పెట్టుకునేవాళ్ళు.

ఆ ఏడాది కాలేజీల మధ్య వ్యాసాల పోటీ పెట్టారు. విషయం, మీరు దగ్గరగా చూసిన ఒక పని. ఒక్కో కాలేజీ నుంచి ఒక్క వ్యాసమే వెళ్ళాలి. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతి తన తల్లి ఇస్త్రీ కొట్టు గురించి రాసింది. తరగతిలో నోరు విప్పని పిల్ల, గోడవారన కూర్చుంటుంది. వచ్చినవాటిలో అదొక్కటే ఎక్కడినుంచీ ఎత్తి రాసింది కాదు కాబట్టి దాన్నే ఎంపిక చేశారు. పంపే ముందు తుది మెరుగులు దిద్దే బాధ్యత పూల సారు నవ్వుతూ తన నెత్తిన వేసుకున్నాడు.

ఒక సాయంత్రం ఊ మేడం ఇంట్లో వంటింటి బల్ల మీద పేపర్లు దిద్దుకుంటుంటే ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"నమస్తే మేడం. వ్యాసంలో ఈ వాక్యం తప్పని సార్ అన్నారు. ప్రశ్నలాగా మొదలైంది, చివర ప్రశ్న గుర్తు ఏదీ అన్నారు. మా మావయ్య కూడా తప్పే అన్నాడు. ఫోన్‌లో టైపు చేస్తే తప్పని ఎర్ర గీత రాలేదు కానీ దాన్నీ నమ్మలేం కదా. చదువుకుంటే నా చెవికి బాగుంది. రూలు మాత్రం తెలీదు. తప్పా మేడం?"

దాని కింద ఆ వాక్యం. నెవర్ వన్స్ డిడ్ ఐ సీ మై మదర్ సిట్ డౌన్. మా అమ్మ కూర్చోగా నేను ఒక్కనాడూ చూడలేదు.

ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను ఆగింది.

తప్పేమీ లేదు అందులో. "నెవర్" లాంటి కాదనే మాటని వాక్యం మొదటికి తెచ్చినప్పుడు "డిడ్" లేచి "ఐ" కంటే ముందుకొచ్చి నిలబడాలి. చూడ్డానికి ప్రశ్నలా ఉంటుంది కానీ ప్రశ్న కాదు. కాదన్న మాట మీద బరువు వేయడానికి అలా రాస్తారు. మంచి ఇంగ్లీషు చదివినవాళ్ళకి పరిచయమైన పద్ధతే. పూల సారుకి తెలియకపోవడంలో వింత లేదు, ఆయన గైడులో ఆ పేజీ చిరిగి ఉంటుంది. ఇక ఆ మావయ్య ఎవరో గానీ, ప్రతి ఇంట్లోనూ ఉంటాడు అలాంటివాడు ఒకడు. ఏదో ఆఫీసులో రెండు ఉత్తరాలు టైపు చేసి ఉంటాడు, ఇక బంధువర్గానికంతటికీ ఇంగ్లీషు పెద్ద.

కానీ ఊ మేడంని ఆపింది రూలు కాదు. ఈ పిల్లకి రూలు తెలియదు. ఎక్కడో ఒకటి రెండుసార్లు ఇలాంటి వాక్యం చదివి ఉంటుంది, చెవిలో పడి ఉండిపోయింది. తల్లి రోజంతా నిలబడే ఉంటుందన్న మాట చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ నిలబడటం మొదటి మాటలోనే వినబడాలని చేతికి తెలిసిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వేల పేపర్లు దిద్దింది. చదివి పెన్ను కింద పెట్టిన వాక్యం ఇదొక్కటే. ఆవిడకి సంతోషం వేసింది. మాట దాచుకోవడమెందుకు, కాస్త అసూయ కూడా కలిగింది.

జవాబు రాయడం మొదలుపెట్టింది. "చాలా బాగుంది" అని కొట్టింది. అది చూస్తే పూల సారు రాసినట్టు అనిపించి చెరిపేసింది. రూలు వివరించబోయింది. రేపటి నుంచి ప్రతివాడూ వ్యాకరణం అడుగుతాడని అదీ చెరిపేసింది. ఇంటాయన మంచినీళ్ళకి వచ్చి తొంగి చూసి, "ఏంటి, ఎవరికైనా రాజీనామా రాస్తున్నావా, ఇంతసేపు?" అన్నాడు. "మీ పని మీరు చూసుకోండి" అంది.

చివరికి పంపింది: "కరెక్టే. మార్చకు."

రెండు మాటలు! ఊ కాదు, ఏకంగా రెండు మాటలు. ఫోన్ బోర్లా పెట్టి, తన ఔదార్యానికి తనే మురిసిపోతూ మిగతా పేపర్ల మీద మరింత కసిగా ఎర్ర పెన్ను దూసింది. అమ్మాయి నుంచి "థాంక్యూ మేడం" అని వచ్చింది. ఆవిడ దానికి "ఊ" కొట్టింది.

వారం తిరక్కుండానే వ్యాసం నోటీసు బోర్డెక్కింది. "మన కాలేజీ తరఫున పోటీకి పంపిన వ్యాసం" అని పైన పెద్ద అక్షరాలు, పక్కన చేత్తో వేసిన గులాబీ పువ్వు. ఎవరు వేశారో చెప్పనక్కర్లేదు. ఊ మేడం బ్యాగు భుజాన వేసుకునే నిలబడి చదివింది. రెండో పేరాకి వచ్చేసరికి ముఖం మాడిపోయింది.

ఐ నెవర్ సా మై మదర్ సిట్ డౌన్.

ఇదీ తప్పు కాదు. ఇందులోనూ తల్లి కూర్చోలేదు. కానీ ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేదు. పూల సారు చేయి పెట్టాడన్నమాట. కాదన్నా వినకుండా పెట్టాడన్నమాట. ఆవిడ చెప్పుల చప్పుడు వరండా అంతా వినబడేలా స్టాఫ్‌రూమ్‌లోకి నడిచింది.

పూల సారు ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"ఆ పిల్ల వాక్యం ఎందుకు మార్చారు?"

"నేనెక్కడ మార్చానమ్మా?" అన్నాడాయన, నవ్వు ఎక్కడికీ పోకుండానే. "అనుమానంగా ఉందన్నాను, అంతే. జడ్జీలు తప్పనుకుంటే కాలేజీ పేరు పోతుంది కదా. అమ్మాయే మార్చి తెచ్చింది. చాలా వినయం కలిగిన పిల్ల."

"మార్చొద్దని నేను చెప్పాను."

"అలాగా? నాతో అనలేదే!"

పిలిపించారు. అమ్మాయి వచ్చి తలుపు దగ్గరే ఆగింది.

"లోపలికి రా. నేనేం పంపాను నీకు?"

"కరెక్టే, మార్చకు అని మేడం."

"చదవడం వచ్చుగా. మరి ఎందుకు మార్చావు?"

అమ్మాయి పూల సారు వంక చూసింది, నేల వంక చూసింది.

"మీకు కోపం వచ్చిందనుకున్నాను మేడం. ఎప్పుడూ ఊ అని పంపుతారు. రెండు మాటలు పంపేసరికి బాగా విసుగొచ్చిందనుకున్నాను. అడగడం ఆపితే చాలని అలా అనేశారేమోనని..."

"కరెక్టే అన్నానుగా!"

"క్లాసులో మీరు కరెక్టే అన్నప్పుడల్లా ఎవరో ఒకళ్ళు ఏడుస్తారు మేడం."

మూల కూర్చున్న లెక్చరర్ ఒకాయన దగ్గినట్టు చేసి నవ్వు మింగాడు. ఊ మేడం ఆయన్ని చూడలేదు. మొన్ననే క్లాసులో ఒకడు ఏదో చదివితే, "కరెక్టే నాయనా, ఇంగ్లీషువాళ్ళకి కూడా ఇంత రాదు" అన్నది గుర్తొచ్చింది. క్లాసంతా నవ్వడం గుర్తొచ్చింది. ఆ నవ్వు వింటే తనకి ఎంత హాయిగా ఉంటుందో కూడా గుర్తొచ్చింది.

"సార్ తప్పని చెప్పినప్పుడు కూడా మెల్లగా, అర్థమయ్యేలా చెప్పారు" అంది అమ్మాయి. "చివర పువ్వు కూడా పెట్టారు."

పూల సారు మరింత వినయంగా టీ చప్పరించాడు.

ఇన్నాళ్ళూ ఆయన తెలివితక్కువతనాన్ని వెక్కిరించింది ఊ మేడం. ఇవాళ తెలిసిందేమంటే, ఆ తెలివితక్కువ మనిషి పువ్వు ఒకటి గుచ్చి తప్పు చెబితే పిల్ల నమ్మింది. తెలిసిన మనిషి నిజం చెబితే తిట్టనుకుంది. ఆయన్ని అసహ్యించుకోవడానికి ఎప్పుడూ దొరికే కారణాలు ఆ పూట ఒక్కటీ చేతికి అందలేదు. ఉన్న అసహ్యం ఎక్కడికి పోతుంది, తిరిగి తన మీదికే వచ్చింది.

"మార్చి పంపుదాం. ఇంకా గడువుందా?" అని అడిగింది.

"పొద్దున్నే మెయిల్ వెళ్ళిపోయిందమ్మా. ఒకసారి పంపితే మార్చకూడదని నిబంధన" అన్నాడు పూల సారు. "అయినా రెండూ కరెక్టే కదా? ఇక గొడవేముంది?"

"పర్లేదు మేడం" అంది అమ్మాయి గబగబా. పోయింది తన వాక్యం, ఓదార్పు మేడంకి. "ఇకమీదట అలా చెవికి బాగున్నవి రాయను. గైడులో ఉన్నట్టే రాస్తాను."

ఆ మాట ఊ మేడంకి నోటీసు బోర్డు కంటే గట్టిగా తగిలింది. వాక్యం పోతే పోయింది, చెవి కూడా పోయేట్టుంది.

"ఇలా రా" అంది. అమ్మాయి బల్ల దాకా వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఏదో పని ఉన్నట్టు కాగితాలు తిప్పుతూ చెవులు ఇటే పెట్టారు. ఆవిడ గొంతు సవరించుకుంది. ఎర్ర పెన్ను మూత పెట్టి పక్కకి జరిపింది.

"నువ్వు మొదట రాసిన వాక్యం తప్పు కాదు. ఎవరు తప్పన్నా తప్పు కాదు, రూలు రేపు క్లాసులో చెబుతాను. కానీ రూలు కోసం పిలవలేదు నిన్ను. నీ వాక్యం నాకు నచ్చింది. చాలా బాగుంది. మీ అమ్మ నిలబడి ఉండటం నాకు కనబడింది."

చెప్పేసి, బరువు దించుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, పేపర్ల కట్ట ముందుకు లాక్కుంది. కాసేపటికి తలెత్తి చూస్తే అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. రెండు చేతులూ కట్టుకుని, దెబ్బ కోసం కాచుకున్నట్టు భుజాలు దగ్గరికి తీసుకుని నిలబడి ఉంది.

"ఇంకా ఏంటి? వెళ్ళు, క్లాసుకి టైమవుతోంది."

"వెళ్తాను మేడం" అంది అమ్మాయి. "తర్వాత మాట అంటారేమోనని ఆగాను."