అందరిదీ ఒకే ఐపీ

నా నోరు మంచిది కాదని మా ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు పక్క సీటు అక్కతో అన్న మాట కోపంతో అన్నది కాదు, పొగరుతో అన్నది. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సూళ్లూరుపేటలో సెల్‌ఫోన్ల కొట్టు పైన మా ఆఫీసు. ఊళ్లో ఒక పరీక్షల ల్యాబుకు వెబ్‌సైటు చేస్తున్నాం. జనం చూసే సైటు ఒకటి, మార్పులు ముందుగా సరిచూసుకోవడానికి స్టేజింగ్ అని వేరే అడ్రసులో ఇంకొకటి. అందులో నిజం రోగుల రిపోర్టులే కాపీ చేసి పెట్టినా. పని త్వరగా అవుతుందని లాగిన్ పేజీ కూడా ఎత్తేసినా. దానికి బదులు, అడ్రసు కొట్టగానే వెబ్ సర్వరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే బాక్సు చూపించేట్టు పెట్టినా.

ల్యాబు ఓనరు గారు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా "ఏందమ్మా ఈ బాక్సు, వచ్చిన ప్రతిసారీ!" అని ఒకటే గొణుగుడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాస్‌వర్డ్ పీకేసి, మా ఆఫీసు నెట్ నంబరు, అదే ఐపీ, ఆ ఒక్కదాన్నే రానియ్, మిగతావాళ్లను పొమ్మను అని సర్వర్లో రెండు లైన్లు రాసినా. పీడా పోయిందనుకున్నా.

మా సైట్లన్నీ సరిచూసేది పక్క సీటు అక్క. ఆమె రొమ్ములో గడ్డ ఉంటే ఆ ల్యాబులోనే పరీక్ష చేయించుకుంది. క్యాన్సరని వచ్చింది. వాళ్లాయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. కూతురికి ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి. అవి అయ్యేదాకా ఆ పిల్లకు తెలియకూడదని అక్క పట్టు. మద్రాసు ఆస్పత్రికి రైలెక్కేటప్పుడు కూడా ఆఫీసు పనని చెప్పి పోయేది.

"అమ్మాయ్, ఆ కాపీలో నా రిపోర్టు కూడా ఉండాది. తీసేయవా?" అని అడిగింది.

"ఎందుకక్కా భయం? ఈ గది దాటి ఈగ కూడా చూడలేదు" అన్నా. ఒక్క నిమిషం పని. చెయ్యలేదు.

ఒక శనివారం అక్క ఇంటి నుంచి, కూతురు వాడే కంప్యూటర్లోనే పని చేసింది. సోమవారం వచ్చి, "మా ఇంటి కంప్యూటర్లో కూడా స్టేజింగ్ వచ్చిందే!" అంది. అక్కడే నేను ఉలిక్కిపడాల్సింది. అనుమతి ఆఫీసుకే అయితే వాళ్లింట్లో ఎట్టా తెరుచుకుంటుంది? అసలు సైటు చూసి పొరబడి ఉంటుందిలే అనుకుని, ఇడ్లీ తింటా తలూపినా.

గురువారం ఇంకేదో తప్పు కోసం సర్వర్ లాగ్ తెరిచినా. ఎవరు ఏ పేజీ ఎప్పుడు అడిగినారో అందులో వరసగా పడుతుంది. ముందటి ఆదివారం మధ్యాహ్నం కొన్ని లైన్లు ఉన్నాయి. ఐపీ మాదే. ఆదివారం ఆఫీసుకు తాళం, ఆ తాళంచెవి నా సంచిలో ఉంది. సెర్చ్‌లో కొట్టింది అక్క పేరు. తర్వాత అక్క రిపోర్టు పేజీ, నాలుగుసార్లు.

నెట్ ఇచ్చే కేబుల్ అన్నకు ఫోన్ చేసినా. "అన్నా, మా ఐపీ ఇంకెవరన్నా వాడతా ఉండారా?"

"ఇంకెవరన్నానా? ఊళ్లో మన కనెక్షన్లన్నీ బయటికి పోయేది ఆ ఒక్క నంబరు మీదే గదమ్మా. నీకు విడిగా కావాలంటే ముందే అడగాల" అన్నాడు తాపీగా.

అంటే నేను తలుపు తీసింది ఆఫీసుకు కాదు, సగం ఊరికి. చూసినవాళ్లు ఎవరైనా కావచ్చు. వెంటనే ఐపీ లైను కొట్టేసి, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టి, సర్వర్‌కు కొత్త సెట్టింగు ఎక్కించినా. అక్క రిపోర్టు అప్పుడు తీసేసినా. నా బ్రౌజర్లో బాక్సు వచ్చింది. హమ్మయ్య అనుకోబోయి, లాగ్ వైపే చూస్తా కూర్చున్నా.

పక్కన అక్క క్యారేజీ విప్పింది. "రేపు పాపకు లెక్కల పరీక్ష. ఇంట్లో కూర్చోని చదువుకుంటా ఉండాది. ఆదివారం నుంచి సరిగ్గా అన్నమే తినడంలేదు, పరీక్ష భయం. నిన్న ఊరికే వచ్చి నన్ను పట్టుకొని పడుకుంది, ఇంత పిల్ల!" అని నవ్వింది.

నేను లాగ్‌లో ఆ ఆదివారం లైన్లను మళ్లీ చూసినా.

అప్పుడే లాగ్‌లో కొత్త లైను పడింది. అదే ఐపీ, అదే రిపోర్టు పేజీ. పాస్‌వర్డ్ లేదని సర్వర్ తిప్పి పంపింది. కాసేపటికి ఇంకొకటి. ఈసారి బాక్సులో ఏదో కొట్టినారు. తప్పు పాస్‌వర్డ్ అయినా కొట్టిన యూజర్‌నేమ్ లాగ్‌లో పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ" అని ఉంది.

మళ్లీ ఒక లైను. మళ్లీ అమ్మ.

"ఏందే అట్టా అయిపోయినావు? తిన్లేదా?" అంటా అక్క నా ముందుకు ఒక ముద్ద చాపింది. నేను స్క్రీను ఆమె వైపు తిప్పినా.